బ్యాంకుకి వెళ్లే ముందు మేనకోడలికి ఒక ఉత్తరం

అమ్మడూ,

మీ సంఘం పచ్చళ్ల వ్యాపారానికి లోను అడగబోతోందని, ఆఫీసరు దగ్గర మాట్లాడే బాధ్యత నీదేనని అన్నయ్య ఫోన్లో చెప్పాడు. గర్వంగానే ఉంది. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు చిన్న సంగతులు. సోమవారం వెళ్లకు, నెలాఖరున అసలే వెళ్లకు. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్తే మాట వింటారు. తీర్మానాల పుస్తకం, పొదుపు పాస్‌బుక్, ఎఫ్ఎస్ఎస్ఏఐ రిజిస్ట్రేషన్ కాగితం ఒకే సంచిలో పెట్టుకో. పదిమందీ వెళ్లనక్కర్లేదు, ముగ్గురు చాలు. ఆవకాయ సీసా కానుకగా పట్టుకెళ్తానన్నావట, వద్దు. తీసుకుంటే ఆయనకి ఇబ్బంది, తీసుకోకపోతే నీకు చిన్నతనం. లేబుల్ అంటించిన ఖాళీ సీసా చూపించు.

ఇప్పుడు నా భయం సంగతి. ఇది మీ అమ్మ నీకు చెప్పి ఉండదు. నువ్వు చిన్నపిల్లగా ఉన్నప్పుడు మా డ్వాక్రా సంఘానికి వదినే లీడరు. పచ్చళ్ల పేరు చెప్పి లక్ష రూపాయలు లోను తెచ్చాం. డబ్బు ఖాతాలో పడిన రోజు సాయంత్రమే రామాలయం అరుగు మీద మీటింగు. అందరి పేరునా వచ్చిన అప్పు కాబట్టి తలా పదివేలు పంచుకోవడమే న్యాయం అన్నారు. అప్పుడు ఏ సంఘంలో చూసినా అదే పద్ధతి. ఒకావిడ పిల్లాడి ఫీజు కట్టింది, ఇంకొకావిడ ఇంటి మీద రేకులు వేయించింది, ఒకరికి పాత చేబదులు తీరింది. అన్నీ నిజమైన అవసరాలే, ఎవరినీ తప్పు పట్టలేం. కానీ పచ్చడికి డబ్బేది?

మామిడికాయ దిగే రోజులకి మా దగ్గర మిగిలింది మీ అమ్మ వాటా, ఇంకో ఇద్దరి వాటాలు. కారం కొట్లో అరువు తెచ్చాం. అరువు బేరంలో మనం ఏరుకోలేం కదా, కిందటేడు సరుకు కట్టబెట్టాడు. నూనె చాలక తక్కువ పోశాం. ఆవకాయలో నూనె ముక్క మీద తేలుతూ నిలవాలి, లేకపోతే పైన ఉన్న ముక్కకి గాలి తగులుతుంది. శ్రావణం వచ్చేసరికి రంగు నల్లబడింది, జాడీల అంచున తెల్లగా బూజు. పట్టుకెళ్లిన వాళ్లే తిరిగి తెచ్చి అరుగు మీద పెట్టి వెళ్లారు. వాయిదాలు మాత్రం ఆగవు. మీ అమ్మ పుస్తెలతాడు కుదువ పెట్టి కట్టింది, అది విడిపించుకునేదాకా మెడలో పసుపుతాడే. అడిగిన వాళ్లకి గొలుసు తెగింది, కంసాలికిచ్చాను అనేది. ఎంత అభిమానం గల మనిషో నీకు తెలుసు.

అందుకే చెప్తున్నా, విను. “మేం పదిమందిమి, రెండు లక్షలు కావాలి” అని నువ్వు అనగానే ఆఫీసరు మనసులో ఇరవై వేల చొప్పున భాగాలు వేసేస్తాడు. అది ఆయన చాలా సంఘాల్లో చూశాడు. నోరు తెరిచి అడగడు, “చూద్దాంలే అమ్మా” అంటాడు. కాబట్టి ఆ అనుమానం ఆయనకి రాకముందే నీ మాటల్లో జవాబు ఉండాలి. డబ్బు ఏ నెలలో, ఏ సరుకుకి, ఎవరికి వెళ్తుందో చెప్పాలి.

నువ్వు పంపిన లెక్క చూశాను. వెయ్యి కిలోల ఆవకాయకి కారం, ఆవపిండి కలిపి 45 వేలు. నువ్వుల నూనె 84 వేలు. ముక్కలు 22 వేలు, సీసాలు, లేబుళ్లు 30 వేలు. ఉప్పు, మెంతులు, రవాణాతో కలిపి రెండు లక్షలు. లెక్క బాగుంది. కానీ లోను సంక్రాంతి అయ్యాక చూద్దాం అన్నావు చూడు, అక్కడే పట్టు తప్పావు. కొత్త మిర్చి గుంటూరు యార్డుకి ఫిబ్రవరి, మార్చిల్లో జోరుగా వస్తుంది. అప్పుడు చేతిలో డబ్బుంటేనే ఎర్రటి కాయ ఏరుకుని, తొడిమ తీయించి, ఎండబెట్టి మర పట్టించుకోగలవు. ఆలస్యంగా అడిగి మే నెలలో లోను వస్తే మళ్లీ కొట్టువాడి దయే. ఈ కార్తీకంలోనే వెళ్లు.

ఇంకో మాట. ఖర్చంతా ఫిబ్రవరి నుంచి మే దాకా నాలుగు నెలల్లో, రాబడి జూన్ నుంచి పది నెలలు. నెలనెలా వాయిదా కట్టే టర్మ్ లోను ఇస్తే ముక్క ఊరకముందే మొదటి వాయిదా మీద పడుతుంది. పైగా కట్టినది మళ్లీ వాడుకోలేవు, వచ్చే ఏడు కారానికి మళ్లీ మొదటి నుంచి తిరగాలి. అందుకని సీసీ లిమిట్ అడుగు. కావలసినప్పుడు తీసుకుంటావు, అమ్మినకొద్దీ జమ చేస్తావు, వాడుకున్నంతకే వడ్డీ. కిలో 320 చొప్పున నెలకి వంద కిలోలు పోతే 32 వేలు. అందులో 20 వేలు వెనక్కి వేస్తే పది నెలల్లో ఖాతా తేరుకుంటుంది. మిగిలిన పన్నెండు వేలల్లోనే వడ్డీ, రవాణా, మీ కూలి. మొదటి ఏడాది తలా నెలకి వెయ్యి కూడా కళ్లజూడకపోవచ్చు. ఇది మీ పదిమందికి ఇప్పుడే చెప్పు, లేకపోతే పంపకాల మాట మళ్లీ అరుగు మీదకి వస్తుంది.

ఇక మాట్లాడటం ఇలా. రెండు నిమిషాలు దాటొద్దు:

“నమస్తే సార్. మా సంఘం పోయిన ఏడు సొంత డబ్బుతో 600 కిలోల ఆవకాయ పెట్టి అమ్మింది. దసరాకే సీసాలు ఖాళీ, తర్వాత అడిగిన వాళ్లకి ఇవ్వలేకపోయాం. ఈసారి వెయ్యి కిలోలు పెడతాం. రెండు లక్షల సీసీ లిమిట్ కావాలి. ఫిబ్రవరి, మార్చిలో కారం, ఆవాలకి, ఏప్రిల్లో నూనె, సీసాలకి, మేలో కాయకి తీస్తాం. డబ్బు సంఘం ఖాతా నుంచి నేరుగా సరుకు అమ్మినవాళ్లకే వెళ్తుంది, సభ్యులు పంచుకోకూడదని తీర్మానం రాసుకున్నాం, ఇదిగో. జూన్ నుంచి నెలకి 20 వేలు జమ చేస్తాం. పోయిన ఏటి అమ్మకాల పుస్తకం ఇది.”

అంతే, ఆపి ఆయన్ని అడగనివ్వు. మధ్యలో మన కష్టాలు చెప్పకు. సబ్సిడీ మాటతో మొదలుపెట్టకు, దానికోసమే వచ్చారనుకుంటారు. మెషీన్లు కొనేటప్పుడు ఆ సంగతి విడిగా అడగొచ్చు. “సీసాలు అమ్ముడుపోకపోతే?” అంటే తడబడకు. కాయ మేలో కొంటాం, అప్పటికి ఆర్డర్లు తక్కువైతే కాయ తగ్గిస్తాం, కారం మిగిలితే గోంగూరకి, టమాటాకి వాడతాం అని చెప్పు.

తనఖా అడిగితే మాత్రం లేచి రా. సంఘాలకి పది లక్షల దాకా తనఖా అడగకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. బంగారం మాట ఎత్తితే, ఎవరు ఎత్తినా సరే, నాకు ఫోన్ చెయ్యి, నేనొస్తాను. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టకు, పెట్టనివ్వకు. లోనుతో పాటు ఏదో పాలసీ అంటగడితే అదేమిటో చదివించుకో.

అందరూ ఒకే రంగు చీరలు కట్టుకు వెళ్లాలని మీ అమ్మ అంటోందట. కట్టుకోండి, పోయేదేముంది. కానీ ముందు ఆ తీర్మానం పదిమంది చేతా సంతకాలు పెట్టించి ఫొటో తీసి నాకు వాట్సాప్‌లో పంపు. సరుకుల లిస్టు కూడా. కారం ధర అంచనాగా వెయ్యకు, యార్డులో కనుక్కుని వెయ్యి.

మీ అత్త