అక్కయ్య, బావగార్ల టికెట్ కొనేముందు ఒక్కసారి ఇది చదువు

చిట్టీ,

నువ్వు పంపిన టికెట్ వివరాలు చూశాను. రాజమండ్రి నుంచి ముంబై, అక్కడి నుంచి లండన్, లండన్ నుంచి డాలస్. ధర తక్కువగానే ఉంది, కానీ డబ్బు కట్టే ముందు కొంచెం ఆగు. అమలాపురంలో ఇన్నేళ్లు గల్ఫ్‌కీ అమెరికాకీ వెళ్లేవాళ్లకు టికెట్లు తీసిన అలవాటుతో చెబుతున్నాను. ధర కంటే ముందు, దిగిన ప్రతి చోటా పెట్టె ఎవరి చేతిలో ఉంటుందో చూడాలి. టెర్మినల్, సెక్యూరిటీ, ఇమిగ్రేషన్ అన్నీ దాన్నిబట్టే ఉంటాయి.

ముందు ఆ పేజీలో కిందికి వెళ్లి చూడు. Self-transfer అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే ఇది ఒక టికెట్ కాదు, మూడు వేరు వేరు టికెట్లు పక్కపక్కన పెట్టి చూపిస్తున్నారు. పీఎన్‌ఆర్‌లు కూడా వేరుగా వస్తాయి. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే, రెండో కంపెనీ దృష్టిలో వీళ్లు సమయానికి రాని ప్రయాణికులే. ఇంకో విమానం ఇవ్వాల్సిన పని వాళ్లకు ఉండదు. అదే ఒకే టికెట్ మీద ఉంటే, తర్వాతి విమానంలో పంపే బాధ్యత వాళ్లదే.

ఇప్పుడు ముంబై లెక్క చూద్దాం. నువ్వు పంపినదాని ప్రకారం రాత్రి 7:40కి దిగుతారు, లండన్ విమానం 11:15కి. మూడున్నర గంటలుంది కదా అనిపిస్తుంది. ముంబైలో టెర్మినల్ 1, టెర్మినల్ 2 పక్కపక్కన ఉండవు. ఒకదాన్నుంచి ఇంకోదానికి బయటికొచ్చి ఊరి రోడ్డు మీదే వెళ్లాలి. దేశీయ విమానాలు రెండింటికీ వస్తాయి, అంతర్జాతీయ విమానాలు టెర్మినల్ 2 నుంచి. వీళ్లది టెర్మినల్ 1లో దిగుతుంది. పెట్టెలు చేతికొచ్చేసరికి 8:20. ట్రాఫిక్‌లో టెర్మినల్ 2 గేటు దగ్గరికి చేరేసరికి 9. అక్కడ పాస్‌పోర్టు, టికెట్ చూపించి లోపలికెళ్లి, చెక్-ఇన్ లైన్లో నిలబడి పెట్టెలు ఇచ్చేసరికి 9:45. ఆ కౌంటర్ సాధారణంగా విమానానికి గంట ముందే మూసేస్తారు, అంటే 10:15కి. ఆ తర్వాత ఇమిగ్రేషన్, సెక్యూరిటీ దాటేసరికి 10:45. అన్నీ అనుకున్నట్టు జరిగితేనే ఈ లెక్క. డిసెంబర్, జనవరిల్లో మన గోదావరి మంచుకి మధురపూడిలోని రాజమండ్రి ఎయిర్‌పోర్టులో ఉదయం విమానం గంట లేటయితే, ఆ ఆలస్యం సాయంత్రం విమానాల దాకా పాకుతుంది. గంట పోతే చెక్-ఇన్ దొరకదు.

లండన్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. హీత్రూలో ఇప్పుడు నడుస్తున్నవి టెర్మినల్ 2, 3, 4, 5. వీళ్లు 3లో దిగి 5లో ఎక్కాలి. ఒకే టికెట్ అయితే ఊదారంగు Flight connections బోర్డులు పట్టుకుని వెళ్తే లోపల్నుంచే ఉచితంగా బస్సు ఉంటుంది. ముంబైలో చెక్ చేశారు కదా అని వదలరు, 5లో మళ్లీ సెక్యూరిటీ. ఆ తర్వాత గేటు B లేదా C బ్లాకులో పడితే ఇంకో చిన్న రైలెక్కాలి. ఇదంతా రెండు గంటల్లో కుర్రాళ్లు చేసేస్తారు. బావగారి మోకాళ్లకి మూడు గంటలైనా కావాలి. వీల్‌చెయిర్ టికెట్ తీసేటప్పుడే అడుగు. కాకపోతే వీల్‌చెయిర్ వచ్చేదాకా ఆగాలి, ఆ టైము కూడా కలుపుకో.

వేరు టికెట్లయితే ఆ బస్సు వీళ్లకి పనికిరాదు. పెట్టె లండన్ దాకానే వస్తుంది. దాన్ని తీసుకోవాలంటే బ్రిటన్ ఇమిగ్రేషన్ దాటి బయటికి రావాలి, అప్పుడు వీసా ప్రశ్న వస్తుంది. లోపల్లోపలే విమానం మారడానికి కూడా మన పాస్‌పోర్టుకి మామూలుగా ట్రాన్సిట్ వీసా కావాలి. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా ఉంటే దాన్నుంచి మినహాయింపు దొరుకుతుంది. ఇక్కడ చాలామంది చూడని మెలిక ఒకటుంది. అమెరికాలో ఎన్నాళ్లు ఉండొచ్చో చెప్పే తేదీ వేరు, పాస్‌పోర్టులో అంటించిన వీసా గడువు వేరు. వీళ్లు అక్కడుండగానే వీసా గడువు తీరిపోయిందనుకో, అక్కడ ఉండటానికి ఇబ్బంది లేదు. కానీ తిరుగు ప్రయాణంలో లండన్ మినహాయింపు పోతుంది, డాలస్ కౌంటర్లోనే విమానం ఎక్కనివ్వరు. మలికిపురం వైపు దంపతులకి సరిగ్గా ఇదే అయింది. అప్పటికప్పుడు ఇంకో దారిలో టికెట్ కొనుక్కుని వచ్చారు. అందుకని తిరుగు తేదీని, బావగారి వీసా పేజీలోని గడువు తేదీని పక్కపక్కన పెట్టి చూడు.

చేతి సంచి విషయం అక్కయ్యకి నువ్వే చెప్పాలి, నా మాట వినదు. ఆవకాయ, నెయ్యి చేతి సంచిలో వద్దు. ఒక ఊరి సెక్యూరిటీలో వదిలేసినా, రెండో ఊరిలో తీసి పక్కన పెట్టేస్తారు. ఆత్రేయపురం పూతరేకులు పొడిగా ఉంటాయి కాబట్టి పర్వాలేదు. మందులు మాత్రం చీటీతో సహా చేతిలోనే ఉండాలి.

తిరిగొచ్చేటప్పుడు ఒకే టికెట్ ఉన్నా, పెట్టె నేరుగా రాజమండ్రి వస్తుందనుకోవద్దు. మన దేశంలో మొదట దిగిన ఊళ్లోనే మామూలుగా ఇమిగ్రేషన్ ముగించుకుని, పెట్టె తీసుకుని, కస్టమ్స్ దాటి, దేశీయ విమానానికి మళ్లీ అప్పగించాలి. అమెరికాలోనూ అంతే. రేపు మీరు డాలస్ వదిలి ఇంకో ఊరికి మారి, వీళ్లు న్యూయార్క్‌లో దిగి మారాల్సి వస్తే, ఇమిగ్రేషన్, పెట్టె, కస్టమ్స్, మళ్లీ సెక్యూరిటీ అన్నీ న్యూయార్క్‌లోనే.

నా మాటగా అయితే ఇలా చెయ్యి. ముందురోజు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లోనో, రాజమండ్రి విమానంలోనో హైదరాబాద్ వచ్చేసి, మీ పిన్ని ఇంట్లో రాత్రి పడుకోనివ్వు. శంషాబాద్‌లో దేశీయ, అంతర్జాతీయ విమానాలన్నిటికీ ఒకటే టెర్మినల్. అక్కడి నుంచి దోహా మీదుగా డాలస్‌కి ఒకే కంపెనీ, ఒకే టికెట్ ఉంది. దోహాలోనూ టెర్మినల్ ఒకటే. లోపలే ఉండి మారితే వీసా అక్కర్లేదు, సెక్యూరిటీ ఒక్కసారి ఉంటుంది. మారడం ఒక్కచోటే, పెట్టె హైదరాబాద్‌లో ఇస్తే డాలస్‌లోనే చేతికి. ధర కొంచెం ఎక్కువే, అయినా నాకు ఇదే నచ్చింది.

కౌంటర్లో పెట్టెకి చీటీ కట్టగానే దాని మీది పెద్ద అక్షరాలు చదవమని బావగారికి చెప్పు. DFW ఉంటే పెట్టె డాలస్‌కి వెళ్తుంది. DOH ఉంటే దోహా దాకానే. అక్కడే నిలబడి సరిచేయించుకోవాలి, కౌంటర్ వదిలి వెళ్లాక కష్టం.

బావగారి వీసా పేజీ ఫోటో తీసి నాకు పంపు. తేదీలు చూసి చెబుతాను, అప్పుడు డబ్బు కట్టు.

మీ మావయ్య,
అమలాపురం