మినిట్స్ పుస్తకం నుంచి పనుల పట్టిక: మా టెర్రస్ లీకేజీ కథ

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మినిట్స్ నాలుగు పేజీలుంటాయి, పని మాత్రం ఒక్కటీ కదలదు. ఎవరు చేయాలి, ఎప్పటిలోగా, ఎక్కడిదాకా వచ్చింది అని తెలిసేలా వీటిని పట్టికగా మార్చేదెలా?

హైదరాబాద్‌లో ఓ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌కి సెక్రటరీగా చేశాను. మా మినిట్స్ రాసేది ఒక రిటైర్డ్ పెద్దాయన. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, ఎవరేమన్నా వదలరు. 2025 మే 18 ఆదివారం మీటింగ్‌లోంచి ఒక్క పేరా ఇక్కడ పెడుతున్నాను. దీని మీద చేసి చూపిస్తే మిగతాది మీకే తెలిసిపోతుంది.

"టెర్రస్ లీకేజీ విషయమై సుదీర్ఘంగా చర్చించడం జరిగినది. తమ బెడ్‌రూమ్ సీలింగ్ పెచ్చులూడుతున్నదని 502 వారు తెలిపినారు. పోయినసారి వేసిన కోటింగ్ రెండేళ్లకే పోయినదని కొందరు సభ్యులు అభిప్రాయపడినారు. ముగ్గురి వద్ద కొటేషన్లు తెప్పించాలని, వర్షాలు పడేలోపు పని పూర్తి చేయాలని, సొమ్ము కార్పస్ నుంచి తీయవచ్చునో లేదో బైలాస్ చూడాలని తీర్మానించడమైనది. టెర్రస్‌పై డిష్ యాంటెన్నాల బోల్టులు తీయించాలని సూచించడమైనది. సోలార్ గురించి వచ్చే మీటింగ్‌లో చూద్దామని అన్నారు."

ముందు పెన్సిల్ తీసుకుని పని లేని వాక్యాలు కొట్టేయండి. పుస్తకంలో కాదు, జిరాక్స్ మీద. మినిట్స్ పుస్తకం సంఘం రికార్డు, దాన్ని ముట్టుకోవద్దు. "సుదీర్ఘంగా చర్చించడం" పోయింది. సోలార్ కూడా పోయింది, దాన్ని వచ్చే మీటింగ్ అజెండాలో రాసుకుంటే చాలు. "చూద్దాం" అన్న ప్రతిదాన్నీ పట్టికలోకి ఎక్కిస్తే నెల తిరిగేసరికి అది ఇంకో నాలుగు పేజీలవుతుంది.

502 వాళ్ల ఫిర్యాదు పని కాదు గానీ, పారేయకండి. పని నిజంగా అయిందా లేదా అని తేల్చేది ఆ సీలింగే. ఇక రెండేళ్లకే పోయిన కోటింగ్ మాట దగ్గర నాకు సందేహం వచ్చింది: ఆ కాంట్రాక్టర్ వారంటీ ఏమైనా ఇచ్చాడా? మీటింగ్‌లో ఎవరూ అడగలేదు. అలాంటప్పుడు మనమే ఒక వరుస కల్పించి ఎవరి నెత్తినో పెట్టకూడదు. ప్రెసిడెంట్ గారికి ఫోన్ చేసి అడిగాను. పాత బిల్లు తిరగేస్తే వారంటీ మాటే లేదు. దాంతో అది ముగిసింది.

మిగిలినవి నాలుగు పనులు. నాలుగింటికీ చేసేవాళ్ల పేరు లేదు. "తీర్మానించడమైనది" సరే, ఎవరు చేయాలి? "కమిటీ" అని మాత్రం రాయకండి. కమిటీకి ఫోన్ నంబర్ ఉండదు. ఒక పనికి ఒకే మనిషి, ఫ్లాట్ నంబర్‌తో సహా. ఇద్దరి పేర్లు రాస్తే ఆయన చూస్తాడులే అని ఈయన, ఈయన చూస్తాడులే అని ఆయన. అలాగని బాధ్యుడే బోల్టులు విప్పక్కర్లేదు. విప్పేది వాచ్‌మన్ తీసుకొచ్చే కుర్రాడు. అయ్యిందా అని అడిగితే జవాబు చెప్పాల్సింది మాత్రం జాయింట్ సెక్రటరీ. పేరు రాసే ముందు ఆ మనిషిని అడిగి ఒప్పించండి. వాట్సాప్ గ్రూపులో పేరు చూసి అలిగేవాళ్లు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఇద్దరుంటారు. మీటింగ్‌కి రాకుండా గ్రూపులో సలహాలిచ్చేవాళ్లు వీళ్లకి అదనం!

గడువు దగ్గర అందరూ తప్పు పోయేది ముందు నుంచి లెక్కేయడం వల్ల. వెనక నుంచి రండి. "వర్షాలు పడేలోపు" అన్నారు కదా, మృగశిర కార్తె జూన్ 8 ప్రాంతంలో వస్తుంది. కోటింగ్ ఆరాక టెర్రస్ మీద నీళ్లు కట్టి 48 గంటలు చూడాలి. మా మేస్త్రీ పనికి పది రోజులు అడిగాడు. అంటే మే 26కల్లా పని మొదలవ్వాలి. బోల్టులు అంతకుముందే తీయాలి, లేకపోతే కోటింగ్ వేశాక తీసిన ప్రతి బోల్టూ ఒక కొత్త చిల్లు. కొటేషన్లు అంతకన్నా ముందు, డబ్బు సంగతి అన్నిటికన్నా ముందు. మినిట్స్‌లో చివరగా చెప్పిన బోల్టులు పని మొదలయ్యేలోపు రావాలని, డబ్బు సంగతి మొదట తేలాలని ఇలా వెనక్కి లెక్కేస్తేనే కనిపించింది.

మే 23 సాయంత్రానికి మా పట్టిక ఇది:

| నం. | పని | బాధ్యులు | గడువు | స్థితి | గమనిక |
|---|---|---|---|---|---|
| 1 | కార్పస్ వాడకంపై బైలాస్ నిబంధన ఫొటో గ్రూపులో పెట్టడం | ట్రెజరర్, 204 | 20-05-2025 | అయింది | జనరల్ బాడీ ఆమోదం ఉంది |
| 2 | ఒకే కొలత మీద మూడు కొటేషన్లు | 401 | 22-05-2025 | ఆగింది | ఒకరు పిట్టగోడ కలపలేదు, మళ్లీ అడిగాం |
| 3 | డిష్ బోల్టులు తీయించి చిల్లులు పూడ్పించడం | జాయింట్ సెక్రటరీ, 305 | 25-05-2025 | నడుస్తోంది | రెండు మిగిలాయి |
| 4 | కోటింగ్ వేయించి, నీళ్లు కట్టి, 502 సీలింగ్ చూడటం | వైస్ ప్రెసిడెంట్, 501 | 07-06-2025 | మొదలవలేదు | 2, 3 అయ్యాక |

రెండో వరుసలో "ఒకే కొలత మీద" అన్నది తర్వాత చేర్చింది. మొదటి రెండు కొటేషన్లలో ఒకటి సగానికి సగం తక్కువగా వస్తే అందరూ సంబరపడ్డారు. తీరా చూస్తే ఆయన నేల మాత్రమే లెక్కేశాడు, పిట్టగోడ లోపలివైపు వదిలేశాడు. నీళ్లు దిగేది చాలావరకు ఆ మూలలోంచే. పని అనే గడిలో "కొటేషన్లు" అని ఒక్క మాట రాసి ఉంటే ఆ కాగితమే చూపించి పని అయిందనేవాళ్లు. ఏది చేతికొస్తే అయినట్టో అక్కడే రాసేయాలి.

స్థితికి ఐదు మాటలే పెట్టండి: మొదలవలేదు, నడుస్తోంది, ఆగింది, అయింది, రద్దు. డ్రాప్‌డౌన్ పెడితే ఎవరికి తోచింది వాళ్లు రాయరు. "ఆగింది" అంటే ఎవరి దగ్గర ఆగిందో గమనికలో ఉండి తీరాలి. "నడుస్తోంది" అన్న మాటని నేను అసలు నమ్మను. రెండు వారాలు అదే కనిపిస్తే ఆ పని ఎవరూ ముట్టుకోలేదని అర్థం.

గడువు దాటిందో లేదో షీటే చెప్పాలి, మనిషి కాదు. గడువు D, స్థితి E కాలమ్‌లో ఉంటే G2లో ఇది వేసి కిందికి లాగండి:

```
=IF(OR(E2="అయింది",E2="రద్దు"),"",IF(D2<TODAY(),"గడువు దాటింది",""))
```

తేదీ ఖాళీగా వదిలేసిన పనికి కూడా "గడువు దాటింది" అనే వస్తుంది. ఉండనివ్వండి, తేదీ ఒప్పుకోకుండా తప్పించుకునేవాళ్లకి అదే మందు.

దీనికంటే జాగ్రత్తపడాల్సింది ఇంకోటి. గూగుల్ షీట్ అమెరికా సెట్టింగ్‌లో ఉంటే 22-05-2025 అని కొడితే దాన్ని తేదీగా తీసుకోదు, అక్షరాలుగా ఉంచేస్తుంది. అలాంటి గడి గడువు ఎప్పటికీ దాటదు, ఏళ్లు గడిచినా నిమ్మకు నీరెత్తినట్టు ఉంటుంది. 07-06-2025 ఇంకా ప్రమాదం, జూలై 6 అయి కూర్చుంటుంది. తేదీ గడిలో ఎడమవైపుకి అంటుకుని కనిపిస్తే అనుమానించండి, సరైన తేదీ మామూలుగా కుడివైపు ఉంటుంది. File → Settings → Locale లో India ఎంచుకుని, అంతకుముందు కొట్టిన తేదీలన్నీ మళ్లీ కొట్టండి. పాతవి వాటంతటవే సరికావు.

పట్టికని మీటింగ్ అయిన మర్నాటికల్లా గ్రూపులో పెట్టండి. వారం ఆగితే "నేను ఒప్పుకున్నది అది కాదు" అంటారు. వచ్చే మీటింగ్‌లో ప్రసంగాలకి ముందే గడువు దాటిన వరుసలు చదవండి. మా ప్రెసిడెంట్ గారికి ఇది బొత్తిగా నచ్చలేదు, ఆయన తొలిపలుకులు వెనక్కి పోయాయని. ఎవరైనా ఒక పని వద్దంటే వరుస చెరిపేయకండి. "రద్దు" అని పెట్టి, ఏ తేదీన ఎవరు వద్దన్నారో గమనికలో రాయండి. చెరిపేస్తే ఆర్నెల్లకి అదే పని కొత్త ఆలోచనలా మళ్లీ మీటింగ్‌కి వస్తుంది, మళ్లీ సుదీర్ఘంగా చర్చించడం జరుగుతుంది.