కట్టిన వడ్డీ ఎక్కడికి పోయిందని అడిగిన మేనల్లుడికి

చిన్నా,

నువ్వు వాట్సాప్‌లో పంపిన బ్యాంకు కాగితాలు రెండుసార్లు చూసినాను. ఏడాదిగా నెలనెలా కడుతున్నా ఇల్లు కట్టడానికి తీసుకున్న అప్పులో ఒక్క రూపాయి తగ్గలేదు, బ్యాంకోళ్లు ఏదో చేస్తున్నారు మామా అని రాసినావు కదా. వాళ్లేమీ చేయలేదు. నువ్వు ఒక కాగితం చూడాల్సిన చోట ఇంకోటి చూస్తున్నావు.

నీకు ముప్పై లక్షల లోన్ శాంక్షన్ అయిన రోజున ఇచ్చిన షెడ్యూల్‌లో మొదటి నెల నుంచే 26,035 రూపాయల ఈఎంఐ ఉంటుంది. ముప్పై లక్షలూ ఒకేసారి చేతికి వస్తే, 8.5 శాతం వడ్డీకి 240 నెలల్లో తీర్చాలంటే ఎంత అన్న లెక్క అది. నీకు ముప్పై లక్షలు ఒకేసారి రాలేదు. అందుకే ఇల్లు పూర్తయ్యేదాకా ఆ కాగితం బీరువాలో పెట్టు. చూడాల్సింది లోన్ అకౌంట్ స్టేట్‌మెంట్.

అందులో నీ కథ ఇట్లా ఉంది. పోయిన జూన్ 10న పునాదికని ఆరు లక్షలు వచ్చినాయి. అక్టోబర్ 1న స్లాబుకు తొమ్మిది, ఫిబ్రవరి 1న గోడలకు, ప్లాస్టరింగుకు ఇంకో తొమ్మిది. మొత్తం ఇరవై నాలుగు. చివరి ఆరు లక్షలు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి. తీసుకున్నదాని మీద మాత్రమే వడ్డీ పడుతుంది, దాన్నే ప్రీ ఈఎంఐ అంటారు. నువ్వే లెక్క చూసుకో: ఆరు లక్షలను 8.5 శాతంతో గుణించి పన్నెండుతో భాగిస్తే 4,250. పదిహేను లక్షలకు 10,625. ఇరవై నాలుగు లక్షలకు 17,000. మొదటి జూన్‌లో 21 రోజులే కాబట్టి 2,934 పడింది. బ్యాంకు రోజు లెక్కన వేస్తుంది గనుక ఏ నెలకు ఆ నెల కొంచెం అటూ ఇటూ ఉంటుంది, దానికి పోట్లాడొద్దు.

ఇవన్నీ కూడితే మే నెలాఖరుకు నువ్వు కట్టింది 1,26,184. అంతా వడ్డీనే, అసలుకు పోయింది సున్నా. వాడుకున్న డబ్బుకు బాడుగ కట్టినట్టు అనుకో. స్టేట్‌మెంట్‌లో బ్యాలెన్స్ తగ్గకపోవడం తప్పు కాదు. నువ్వు కొత్త విడత తీసుకోకుండానే అది పెరిగిందంటే మాత్రం తప్పు. కొన్ని బ్యాంకులు ఈ కాలంలో వడ్డీ కట్టకపోయినా ఊరుకుంటాయి, కానీ దాన్ని అసలులో కలిపేస్తాయి. అప్పుడు ఆరు లక్షలు 6,04,250 అయి, పైనెల వడ్డీ దాని మీద పడుతుంది. నీ స్టేట్‌మెంట్‌లో అట్లాంటిది లేదు, నేను చూసినాను.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తా. కడపలో నా ఇల్లు కట్టేటప్పుడు, ఇంజనీరు వచ్చి సరే అన్నాడు కదా అని స్లాబు డబ్బు ముందే తీసుకున్నా. తీరా ఇసుక దొరకలేదు, మేస్త్రీ ఇంకో పనికి పోయినాడు. రెండు నెలలు ఆ డబ్బు సేవింగ్స్ ఖాతాలో పడి ఉంది, వడ్డీ మాత్రం మొదటి రోజు నుంచే నడిచింది. నీ లెక్కలో చెప్పాలంటే తొమ్మిది లక్షలు నెల ఊరికే ఉంటే 6,375 పోయినట్టు. ఫ్లోరింగుకు బండలు ఎప్పుడు దిగుతాయో, కూలీలు ఎప్పుడొస్తారో ఖాయం చేసుకున్నాకే చివరి విడతకు అర్జీ పెట్టు. మీ అత్త ఇప్పటికీ దెప్పుతుంది నన్ను, ఆ రెండు నెలల గురించి.

ఇక అసలు విషయం, పూర్తి ఈఎంఐ ఎప్పుడు మొదలు? ఇల్లు పూర్తయినాక అని నువ్వు అనుకుంటున్నావు. నీ శాంక్షన్ లెటర్ మూడో పేజీ చదువు. చివరి విడత ఇచ్చిన మరుసటి నెల నుంచి గానీ, మొదటి విడత ఇచ్చిన 18 నెలలకు గానీ, రెండింటిలో ఏది ముందైతే అది అని రాసుంది. మొదటి విడత జూన్ 10 కాబట్టి గడువు ఈ డిసెంబర్ 10. జూలైలో చివరి డబ్బు తీసుకుంటే ఆగస్టు నుంచే మొదలు. పని సాగి సాగి డిసెంబర్ దాటితే, తలుపులు బిగించకపోయినా ఈఎంఐ వచ్చేస్తుంది. పైన అనంతపురంలో ఇంటి అద్దె ఎట్లాగూ ఉండనే ఉంది. నాకు అదే అయింది. ఖాతాలో వడ్డీకి సరిపడా డబ్బే ఉంచినా, పూర్తి ఈఎంఐ వచ్చి బౌన్స్ అయింది, పెనాల్టీ పడింది. నువ్వు నవంబర్ నుంచే ఖాతాలో 27,000 తగ్గకుండా చూసుకో.

బ్యాంకులో రెండు ప్రశ్నలు అడుగు, జవాబు మెయిల్‌లో తీసుకో. ఒకటి, 240 నెలలు ఎప్పటినుంచి లెక్క? ఈఎంఐ మొదలైనప్పటి నుంచి అయితే 26,035. ఈ 18 నెలలు కూడా అందులోవే అంటే మిగిలేది 222 నెలలు, అప్పుడు ఈఎంఐ సుమారు 26,854 అవుతుంది. నెలకు ఎనిమిది వందల తేడా. రెండోది, గడువు నాటికి ఇరవై నాలుగు లక్షలే తీసుకుని ఉంటే ఈఎంఐ దేని మీద వేస్తారు? ఇరవై నాలుగుకే అయితే 20,828. చివరి ఆరు లక్షలు లేకుండానే పని అయిపోతే తీసుకోనని రాసిచ్చి, లోన్‌ను ఇరవై నాలుగుకు కుదించమని అడుగు. ఇస్తున్నారు కదా అని తీసుకునే డబ్బు కాదిది.

ఇప్పట్నుంచే పూర్తి ఈఎంఐ కట్టేద్దామా అని మా అక్క అడిగిందంట. ఇరవై నాలుగు లక్షల మీద 26,035 కడితే నెలకు తొమ్మిది వేలు అసలుకు పోతాయి, నిజమే. కానీ ఇల్లు కట్టేటప్పుడు చేతిలో డబ్బు లేకపోతే పని ఆగుతుంది, ఆ టెన్షన్ నీకొద్దు. నీది ఫ్లోటింగ్ రేటు, తర్వాత ఎప్పుడైనా ముందస్తుగా కట్టినా చార్జీ ఉండదు.

పన్ను సంగతి ఒక్కమాట. పాత పద్ధతిలో రిటర్న్ వేస్తుంటే, ఇల్లు పూర్తయిన ఆర్థిక సంవత్సరానికి ముందు మార్చి 31 దాకా కట్టిన వడ్డీని ఐదు సమాన భాగాలుగా చూపించుకోవచ్చు. వచ్చే మార్చిలోపు పూర్తయితే నీకు అది 92,184, ఏడాదికి 18,437 వస్తుంది. మిగతా వడ్డీతో కలిపి రెండు లక్షలు మించకూడదు. కొత్త పద్ధతిలో సొంతంగా ఉండే ఇంటికి ఇది లేదు. బ్యాంకు నుంచి వడ్డీ సర్టిఫికెట్ తీసిపెట్టు.

చివరి విడత వచ్చిన వారంలోనే కొత్త షెడ్యూల్ అడుగు. 240 నెలలు ఈఎంఐ మొదలైనప్పటి నుంచే లెక్క అయితే, మొదటి వరసలో బాకీ ముప్పై లక్షలు, ఈఎంఐ 26,035, వడ్డీ 21,250, అసలు 4,785 ఉండాలి. అసలు గడిలో అంకె కనబడే మొదటి నెల అదే. ఆ కాగితం ఫొటో తీసి పంపు, నేనూ చూస్తా.

మీ మామ
కడప