పసుపెక్కిన స్విచ్‌బోర్డు ప్లేటు పెళుసు కాకుండా తెల్లబడాలంటే

ప్రశ్న: వంటింట్లో స్విచ్‌బోర్డు ప్లేటు, మిక్సీ బాడీ పసుపు రంగుకు తిరిగాయి. ప్లాస్టిక్ పాడవకుండా మళ్లీ తెల్లగా చేయొచ్చా?

ముందు అది జిడ్డా, ప్లాస్టిక్కే రంగు మారిందా తేల్చుకోండి. గోరువెచ్చటి నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ కలిపి, బట్ట ముంచి గట్టిగా పిండి, ఒక మూల రుద్దండి. బట్టకు పసుపు అంటి కింద తెలుపు కనబడితే అది పోపు పొగ, నూనె జిడ్డే. వంటింటి బోర్డుల్లో చాలావాటికి ఇంతే సరిపోతుంది. బట్టకు ఏమీ అంటకపోతే ఎండకూ వేడికీ ప్లాస్టిక్ పైపొర ఆక్సీకరణ చెందినట్టు. స్క్రూ తల కింద చూస్తే అసలు రంగు తెలుస్తుంది.

ఈ రెండో రకానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పనిచేస్తుంది. మందుల షాపులో ‘20 వాల్యూమ్’ అని అడగండి, అంటే సుమారు 6 శాతం. అంతకంటే ఘాటుది వద్దు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకున్నాకే ప్లేటు విప్పండి. స్విచ్‌లు, సాకెట్లు తీసేసి, ఉత్త ప్లేటునే కడిగి, పారదర్శకమైన డబ్బాలో పూర్తిగా మునిగేలా పెరాక్సైడ్ పోయండి. మూత వదులుగా పెట్టండి, లోపల ఆక్సిజన్ పుడుతుంది. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి.

పొద్దుటి ఎండలో పెట్టి, అరగంటకోసారి ప్లేటు తిప్పండి. రెండు మూడు గంటల్లో తేడా తెలుస్తుంది. మన మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం వద్దు, పల్చటి ప్లేటు వంకరపోతుంది. పాలతెలుపు వచ్చేదాకా ఆగకండి, లేత మీగడ రంగుకు రాగానే తీసి కడగండి. పెళుసుదనం తెచ్చేది ఎక్కువగా ఎండే, పెరాక్సైడ్ కాదు. ఆరాక వేలితో రుద్దితే సున్నంలా తెల్లపొడి రాలిందంటే పైపొర చెడినట్టే, మళ్లీ ఎండలో పెట్టొద్దు.

మిక్సీ బాడీని ముంచలేం కాబట్టి చాలామంది జుట్టుకు వాడే, పెరాక్సైడ్ ఉన్న డెవలపర్ క్రీమ్ పూస్తారు. అది ఆరిపోయిన చోట పాలరాతి చారల్లా మచ్చలు మిగిలిపోతాయి. అందుకే పూసిన వెంటనే ప్లాస్టిక్ ఫిల్మ్ చుట్టాలి, ఆరకముందే క్రీమ్ మళ్లీ పూయాలి. ప్లగ్ తీసే ఉండాలి, మోటారు వైపు ఒక్క చుక్కా పోకూడదు.

వీడియోల్లో చూపించే టూత్‌పేస్టు, నిమ్మ, వంటసోడా రంగు మార్చవు, పైగా టూత్‌పేస్టు, వంటసోడా గీతలు వేసి మెరుపు తీసేస్తాయి. థిన్నర్, పెట్రోల్ తగిలితే స్క్రూ బిగించిన చోటే సన్నటి పగుళ్లు మొదలవుతాయి. బ్లీచింగ్ పౌడర్ స్క్రూలను తుప్పు పట్టిస్తుంది, దాన్ని పెరాక్సైడ్‌తో కలపడం ప్రమాదం కూడా.

ఇదంతా ఏబీఎస్ ప్లాస్టిక్‌కు బాగా పనిచేస్తుంది. పాతకాలపు గట్టి బేకలైట్ రకం ప్లేట్లకు ఫలితం రాదు. తెల్లబడ్డ ఏబీఎస్ కూడా ఎండ తగిలే గోడ మీద మళ్లీ పసుపెక్కుతుంది. స్క్రూ రంధ్రం చుట్టూ చీలికలుంటే మాత్రం తెల్లబరచే ప్రయత్నం మానేసి కొత్త ప్లేటు కొనండి. పగిలిన ప్లేటు వెనక కరెంటు తీగలున్నాయి.