క్లబ్ బడ్జెట్‌లో ఆ 500 మంది ఎక్కడివారు?

ప్రశ్న: సార్, మాది విజయనగరంలో డిగ్రీ కాలేజీ. తెలుగు సాహిత్య క్లబ్‌కి నేను సెక్రటరీని. ఏడాదికి 1,20,000 రూపాయలు కావాలని లెటర్ పెడితే ప్రిన్సిపాల్ గారు ‘ఏ ప్రోగ్రామ్‌కి ఎంత, ఎంతమంది వస్తారో విడివిడిగా రాసుకురా’ అని వెనక్కిచ్చేశారు. పోయినేడు 40,000 ఇచ్చారు. కాలేజీలో రెండు వేల మందిమి ఉన్నాం కదా అని ప్రోగ్రామ్‌కి 500 మంది వేశాను. పోయిన ఆగస్టు 29 సభకి 210 మంది పేర్లిచ్చారు, 130 మంది వచ్చారు. ఈసారి శ్రీకాకుళం కథానిలయానికి ఒక ట్రిప్ కూడా వేద్దామనుకుంటున్నాం. ఎలా రాయమంటారు?
– ఒక విద్యార్థిని, విజయనగరం

జవాబు: అమ్మా, మీరు రాసిన అంకెల్లో ఆఫీసువాళ్లు నమ్మేది 130 ఒక్కటే. దానికి సంతకాల రిజిస్టర్ ఉంది. పేరిచ్చిన ప్రతి పదిమందిలో ఆరుగురు వచ్చారని అది చెబుతోంది. ఈ ఏడాది 240 పేర్లు వస్తాయనుకున్నా మనుషులు 150 దాటరు. 150 వేసుకోండి.

మా చదువుల రోజుల్లో మేమూ ఇదే తప్పు చేశాం. 300 మంది వస్తారని రాసి, పులిహోర పొట్లాలు కట్టించేశాం. వచ్చింది 90 మంది. మిగిలినవాటిని సాయంత్రం హాస్టల్‌కి మోయలేక మోశాం. మరుసటేడు మా లెటర్ చూడగానే కమిటీవాళ్లు చదవకుండానే సగానికి కొట్టేశారు. అంటే పొట్లాలతో పాటు మా మాట కూడా పాచిపోయింది.

ఇప్పుడు ఆ ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవాన్నే తీసుకుని లెక్క వేద్దాం. ధరలు నేను అంచనాగా వేస్తున్నాను, మీరు ఊళ్లో అడిగి మార్చుకోండి. ఒక్కరొచ్చినా వందమందొచ్చినా మారని ఖర్చులు ముందు రాయండి. అతిథి ప్రయాణం, గౌరవ పారితోషికం 3,000. మైకు 2,500. శాలువా 500, ఫ్లెక్సీ 600. మూడు పోటీలకు మూడేసి చొప్పున తొమ్మిది బహుమతి పుస్తకాలు, ఒక్కోటి 300 అనుకుంటే 2,700. మొత్తం 9,300. ఆ తర్వాత తలకి అయ్యే ఖర్చు: టిఫిన్, టీ 45, సర్టిఫికెట్ 10, కలిపి 55. దాన్ని 150తో గుణిస్తే 8,250. కార్యక్రమం మొత్తం 17,550 అవుతుంది.

అదే 500 మంది అని వేస్తే 36,800. మీ లెటర్‌లో డబ్బు ఉబ్బిపోయింది ఇక్కడే. ఈ రెండు భాగాలూ విడిగా చూపిస్తే ఇంకో లాభం ఉంది. ‘వందమందే వస్తేనో’ అని ప్రిన్సిపాల్ గారు అడిగితే, ‘14,800 అవుతుంది సార్, మిగిలింది వాపసు చేస్తాం’ అని అక్కడికక్కడే చెప్పగలరు. టిఫిన్ ఆర్డర్ కూడా రెండు రోజుల ముందు పేర్లు చూసుకుని ఖాయం చేస్తామని కాగితం మీద రాయండి.

ఒక చిక్కు గమనించారో లేదో, ఆగస్టు 29 గిడుగు వారి పుట్టినరోజే కాదు, ధ్యాన్‌చంద్ పుట్టినరోజు కూడా. అంటే జాతీయ క్రీడా దినోత్సవం. అదే పూట గ్రౌండ్‌లో పోటీలు పెడితే మీ 150లో ఎంతమంది అటు పోతారో! ఫిజికల్ డైరెక్టర్ గారితో ముందే మాట్లాడి, మీది ఉదయమో మధ్యాహ్నమో తేల్చుకున్నాకే సంఖ్య రాయండి.

సెప్టెంబర్ 21 గురజాడ జయంతి మీ ఊరి పండగే కాబట్టి ఖర్చు తక్కువ. దండ 400, ఫ్లెక్సీ 600, నాటిక వేసేవాళ్ల దుస్తుల అద్దె 3,500, వందమందికి మజ్జిగ 1,500. అంతా 6,000. వార్షిక పత్రిక 200 కాపీలు, ఒక్కోటి 60 చొప్పున 12,000.

ట్రిప్ లెక్క వేరు. ఇక్కడ తలకి ఇంత అని కుదరదు, బస్సుకి ఇంత. 50 సీట్ల బస్సు అద్దె రానూపోనూ 16,000, భోజనాలు 50 మందికి 6,000, టిఫిన్లు, నీళ్లు 2,000 అనుకుందాం. మొత్తం 24,000. ఇద్దరు లెక్చరర్లు పోగా 48 మంది విద్యార్థులు. 49వ మనిషి పేరు రాశారంటే ఆ ఒక్కరి కోసం ఇంకో బస్సు కట్టాలి. కాబట్టి ‘48 మంది, ఆపై వెయిటింగ్ లిస్ట్’ అని స్పష్టంగా రాయండి. ఒక్కొక్కరి దగ్గర 150 ముందే వసూలు చేస్తే 7,200 వస్తుంది, కాలేజీని అడిగేది 16,800. డబ్బు కట్టినవాళ్లు పొద్దున్న బస్సు దగ్గర మొహం చాటేయరు, అది అసలు ప్రయోజనం.

తేదీ మాత్రం అక్టోబర్‌లో పెట్టకండి. దసరా తర్వాత మంగళవారం మీ ఊరి పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఆ వారం ఊళ్లో బస్సు దొరకడమే కష్టం, దొరికినా రేటు వేరు. దానికి తోడు తుపాన్లు. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ రెండూ అక్టోబర్ రెండో వారంలోనే వచ్చాయి. డిసెంబర్ చివర్లో, సెమిస్టర్ పరీక్షలు చూసుకుని వేసుకోండి.

నాలుగూ కలిపితే 52,350. చిల్లర ఖర్చులకు 5 శాతం, అంటే సుమారు 2,600 వేస్తే 54,950. పోయినేడు కంటే ఎందుకు పెరిగిందని తప్పకుండా అడుగుతారు. ట్రిప్ తీసేస్తే 38,150, పోయినేడు ఇచ్చినదానికన్నా తక్కువే. లెటర్‌లో మొదటి పేరాలోనే ఈ మాట రాసేయండి, అడిగేదాకా ఆగకండి.

అయినా 40,000 మించి ఇవ్వం అనొచ్చు. అప్పుడు అన్నింట్లోనూ తలా కాస్త కోసుకుంటూ పోతే మైకు లేని సభ, బహుమతి లేని పోటీ మిగులుతాయి. దేన్ని వదులుకుంటారో ఇప్పుడే అనుకోండి. ట్రిప్‌కి విద్యార్థి వాటా 150 నుంచి 250 చేస్తే 4,800 తగ్గుతుంది. అచ్చు పత్రిక బదులు 1,500తో గోడపత్రిక పెడితే 10,500 తగ్గుతుంది. రెండూ కలిపి 15,300, మీకు కావాల్సిన కోత తీరిపోయింది. 200 కాపీల్ని 100కి తగ్గించి సగం ఖర్చు మిగిల్చేద్దాం అనుకోకండి. డీటీపీ, పేజీ సెటప్ ఖర్చులు ఎన్ని కాపీలైనా అంతే, కాపీ రేటే పెరుగుతుంది.

ఇంకో సంగతి, మీ కాలేజీ ఏడాది జూన్‌లో మొదలైతే ఆఫీసు ఏడాది మార్చి 31తో అయిపోతుంది. పత్రిక బిల్లు ఏప్రిల్‌లో తెస్తే అది కొత్త బడ్జెట్ మీద పడుతుంది, లేదా ఎవరి మీదా పడక మీ జేబు మీద పడుతుంది. ఫిబ్రవరికల్లా ప్రెస్ పని ముగించండి. ఎంత మొత్తం దాటితే మూడు కొటేషన్లు అడుగుతారో అకౌంటెంట్ గారిని ఇప్పుడే కనుక్కోండి. బస్సుకి తప్పకుండా అడుగుతారని నా అనుమానం. బిల్లులన్నీ కాలేజీ పేరు మీద, తేదీతో తీసుకోండి. మీ పేరు మీద రాయించుకున్న బిల్లుని అడ్వాన్స్ సర్దేటప్పుడు పక్కన పెట్టేస్తారు.

ప్రపోజల్ వెనక పోయిన ఆగస్టు సంతకాల జిరాక్స్ జత చేయండి. ఈ ఏడాది నుంచి సంతకాలు టిఫిన్ కౌంటర్ దగ్గర తీసుకోకండి. సభ మొదలైన అరగంటకి, కుర్చీల మధ్య రిజిస్టర్ తిప్పించండి.