క్లాస్‌మేట్ సూసైడ్ తర్వాత స్కూల్లో మొదటి రోజు

మా అబ్బాయి బెంగళూరులో తొమ్మిదో క్లాస్. వాళ్ల క్లాస్‌మేట్ సూసైడ్ చేసుకున్నాడు, సోమవారం స్కూల్ తెరుస్తున్నారు. టీచర్లు, కౌన్సెలర్ ఏం చేయాలి, పిల్లలకి ఏం చెప్పాలి?

అసెంబ్లీలో మైకులో మాత్రం చెప్పొద్దండి. క్లాస్ టీచరే క్లాసులో, కౌన్సెలర్ పక్కన ఉండగా చెప్పాలి, అదీ చనిపోయిన పిల్లాడి అమ్మానాన్నల్ని అడిగి వాళ్లు ఒప్పుకున్నంతవరకే. ఎలా చేసుకున్నాడు, లెటర్లో ఏముంది అనేది వద్దు, మార్కుల వల్లే అని ఒక్క కారణం అంటగట్టొద్దు, అదే కష్టంలో ఉన్న ఇంకో పిల్లాడికి అది ఒక దారిలా కనిపిస్తుంది.

ఖాళీ సీటు సంగతి చాలామంది మర్చిపోతారు. రాత్రికి రాత్రే బెంచి తీసేస్తే వాడసలు లేనే లేడన్నట్టు పిల్లలకి గుచ్చుకుంటుంది, అలాగని ఫొటో పెట్టి దండ వేసినా మంచిది కాదు. కొన్నాళ్లు అలాగే ఉంచి, పిల్లలకి ముందే చెప్పి సీట్లు మార్చండి.

కౌన్సెలర్ బాగా ఏడ్చేవాళ్లనే చూస్తే సరిపోదు. చివరి మెసేజ్‌కి రిప్లై ఇవ్వనివాడు, వాడితో గొడవపడ్డవాడు తప్పు నాదే అనుకుంటూ నోరు మెదపరు. వాళ్లని విడిగా కూర్చోబెట్టి "నీకూ చచ్చిపోవాలనిపిస్తోందా" అని సూటిగా అడగొచ్చు, అడిగినందువల్ల ఆ ఆలోచన పుట్టదు. అవునంటే ఒక్క నిమిషం కూడా ఒంటరిగా వదలకుండా పేరెంట్స్‌ని పిలిపించి, అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ టైంలోనైనా ఫ్రీగా కాల్ చేయొచ్చు, తెలుగులోనూ మాట్లాడతారు.

మీవాడికైతే, ఫ్రెండ్ ఎవరైనా చచ్చిపోవాలనుందని అంటే, ఎవరికీ చెప్పనని ఒట్టేసినా సరే వెంటనే మీకో టీచర్‌కో చెప్పేయమనండి.