ఎనిమిదో వంతు తేడా

ప్రశ్న: ఇండక్షన్ లెక్కల్లో n = 1 ఎప్పుడూ ఇట్టే తేలిపోతుంది కదా, అది రాయడం మార్కుల కోసమేనా?

నేనూ అలాగే అనుకునేవాణ్ణి. ఒక పరీక్షలో సూత్రం n = 1 దగ్గర నిజమని చూపకుండా, k దగ్గర నిజమైతే k + 1 దగ్గరా నిజమేనని చూపే భాగానికి నేరుగా వెళ్లాను. మాస్టారు సగం మార్కులు కోసేశారు. అసలు పనంతా చేశాక ఒక్క లైను కోసం ఇదేం కోత అని పేపరు పట్టుకుని వెళ్లాను. ఆయన వాదించలేదు. ఒక కాగితం మీద ఇది రాసి, "నీ పద్ధతిలోనే నిరూపించు" అన్నారు:

1 + 2 + … + n = (2n + 1)²/8

రెండు నిమిషాల పని. k దగ్గర నిజమనుకుని రెండు వైపులా k + 1 కలిపాను. కుడివైపు (4k² + 4k + 1 + 8k + 8)/8, అంటే (4k² + 12k + 9)/8 వచ్చింది. అది సరిగ్గా (2k + 3)²/8. సూత్రంలో k బదులు k + 1 పెట్టినా వచ్చేది అదే. నిరూపణ అయిపోయిందని గర్వంగా కాగితం ఇచ్చాను.

"ఇప్పుడు పది పెట్టు" అన్నారు.

ఒకటి నుంచి పది దాకా కూడితే 55. సూత్రం 441/8 అంటోంది, అంటే 55.125. పూర్ణసంఖ్యలు కూడితే భిన్నం ఎక్కణ్ణుంచి వచ్చిందో అర్థం కాక తప్పు కోసం k నుంచి k + 1కి వెళ్లే మెట్టంతా మళ్లీ తిరగేశాను. మెట్టులో తప్పే లేదు. n = 1 పెడితే 9/8 వస్తుంది, రావలసింది 1. ఆ ఎనిమిదో వంతు మొదట్లోనే చేరి, చివరిదాకా పెరగకుండా తరగకుండా అలాగే ఉండిపోయింది. k నుంచి k + 1కి ఎంత పెరగాలో మాత్రమే మెట్టు చూస్తుంది, ఎక్కడ మొదలయ్యామో దానికి పట్టదు. అసలు సూత్రం n(n + 1)/2కి ఏ స్థిరాంకం కలిపినా ఆ మెట్టు అలాగే నెగ్గుతుంది.

నా దృష్టిలో తప్పు పాఠాలు చెప్పే తీరుది. n = 1 దగ్గర ఓడిపోయే లెక్క సాధారణంగా ఇవ్వరు, ఇక పిల్లలకు అది మొక్కుబడి అనిపించక ఏమనిపిస్తుంది? పైగా చాలామంది వరుసగా పడే డొమినో బిళ్లల బొమ్మ గీస్తారు, మొదటి బిళ్లను తోసే వేలు మాత్రం గీయరు.

ఇంకో మాట. n = 1 రాసేస్తే చాలు అని కూడా అనుకోకండి. 2ⁿ > n² చూడండి. n = 1 దగ్గర 2 > 1, నిజమే. కానీ 2 దగ్గర రెండూ 4, 3 దగ్గర 8 కన్నా 9 పెద్దది, 4 దగ్గర మళ్లీ రెండూ 16. మెట్టు నడవాలంటే 2k² విలువ (k + 1)² కన్నా తగ్గకూడదు, అది k = 3 నుంచే కుదురుతుంది. అంటే 1 దగ్గరి నిజం మెట్టు దాకా చేరనే చేరదు. మొదలుపెట్టాల్సింది 5 దగ్గర, 32 > 25 అని రాసి.